కూర్చుంటే అడుగున నొప్పి, మాటిమాటికీ యూరిన్: 27 ఏళ్ళకే ప్రోస్టేటైటిస్ అంటున్నారు

మియాపూర్_నైట్‌షిఫ్ట్
ఐదు నెలలుగా వృషణాలకీ మలద్వారానికీ మధ్య నొప్పి. పోటు కాదు, లోపల గోలీకాయ పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. కుర్చీలో రెండు గంటలు దాటితే భరించలేను, పడుకుంటే తగ్గుతుంది. గంటకోసారి యూరిన్‌కి లేవాలి, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలినట్టే. ఆఫీసులో పక్కన ఎవరైనా నిలబడితే ధార మొదలే కాదు. స్ఖలనం తర్వాత రెండు రోజులు మంట.

యూరిన్‌లో పస్ సెల్స్ 2-3, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. స్కానింగ్‌లో ప్రోస్టేట్ 21 గ్రాములు, పోశాక మిగిలింది 15 ఎం.ఎల్. అన్నీ నార్మల్ అంటూనే ప్రోస్టేటైటిస్, అంటే ప్రోస్టేట్ గ్రంథి వాపు అని మూడు కోర్సులు యాంటీబయాటిక్ రాశారు. మొదటి కోర్సులో నాలుగు రోజులు హాయిగా ఉంది, మళ్ళీ మామూలే. ఇప్పుడు నాలుగోది మొదలుపెట్టమంటున్నారు. ఇది నిజంగా ప్రోస్టేటేనా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.

రాజోలు_సుబ్బు
తమ్ముడూ, వేడి చేసింది, అంతే. నైట్ షిఫ్టు, బిర్యానీలు, టీలు. నాకూ ఇలాగే ఉంటే పొద్దున్నే బార్లీ నీళ్ళు, రాత్రికి సబ్జా గింజలు, పదిహేను రోజుల్లో మంట పోయింది. స్కానింగులకి డబ్బులు తగలెయ్యకు.

మెడికల్‌షాపు_22ఏళ్ళు
ఇరవై రెండేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి ఇలాంటి కేసులు వందలు చూశాను. మీ వాళ్ళు వారం వారం కోర్సులు ఇచ్చి ఉంటారు. ప్రోస్టేట్‌లోకి మందు అంత తేలిగ్గా దిగదు. లీవోఫ్లాక్సాసిన్ నాలుగు నుంచి ఆరు వారాలు విడవకుండా వాడాలి. సగంలో మానేసి మందు పని చెయ్యలేదంటే ఎలా?

తాడేపల్లి_టూవీలర్
నన్ను రెండేళ్ళు ప్రోస్టేటైటిస్ పేషెంట్‌గా తిప్పారు, అందుకే రాస్తున్నా. పద్నాలుగేళ్ళప్పుడు సైకిల్ మీంచి జారి ముందు బార్ మీద కాళ్ళు చెరోవైపు పడ్డాను. ఆ రోజు యూరిన్‌లో రెండు చుక్కల రక్తం వచ్చింది, అమ్మకి కూడా చెప్పలేదు. ఇరవై ఎనిమిదికి ధార సన్నబడింది, రెండు పాయలుగా చీలేది, పోశాక చుక్కలు కారేవి, అడుగున నొప్పి. మూడో డాక్టరు మందు రాయకుండా యూరోఫ్లో చేయించారు. మెషీన్ గరాటులో పోస్తే కాగితం మీద గీత వస్తుంది. మామూలు వాళ్ళకి కొండలా లేచి దిగుతుంది. నాది అరుగులా బల్లపరుపుగా, సెకనుకి 8 ఎం.ఎల్. దాటకుండా నిమిషంపైనే సాగింది. తర్వాత డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తే మూత్రనాళంలో ఇరుకు కనబడింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నా. నీకు దెబ్బ తగలడం, ఎప్పుడైనా ట్యూబు వెయ్యడం జరిగిందా?

యూరాలజీ_రెసిడెంట్
మెడికల్‌షాపు గారూ, ఆరు వారాల లెక్క బాక్టీరియా దొరికినప్పటిది. ఇతనికి దొరకనే లేదు. నెలల తరబడి ఇలా బాధపడేవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ఏ క్రిమీ దొరకదు. దాన్ని దీర్ఘకాలిక పెల్విక్ నొప్పి అంటాం. ప్రోస్టేటైటిస్ అన్న పాత పేరు అలాగే ఉండిపోయింది, పేరు చూసి యాంటీబయాటిక్ రాస్తారు. నిజంగా ప్రోస్టేట్‌లో బాక్టీరియా ఉన్నవాళ్ళ కథ వేరు: మళ్ళీ మళ్ళీ యూరిన్ ఇన్ఫెక్షన్, ప్రతిసారీ కల్చర్‌లో అదే క్రిమి.

మొదటి కోర్సులో నాలుగు రోజులు తగ్గిందని ఇన్ఫెక్షనే అనుకోవద్దు. ఆ మందుల్లో కొన్నిటికి వాపు తగ్గించే గుణం కొంత ఉంది. ఈ జబ్బు కూడా దానంతట అది తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది.

తేల్చుకోవాలంటే రెండు శాంపిల్స్ చాలు. ముందు మధ్యధార యూరిన్ ఒకటి. తర్వాత డాక్టరు వేలితో ప్రోస్టేట్‌ని ఒత్తుతారు, వెంటనే వచ్చే మొదటి కొద్దిపాటి యూరిన్ రెండోది. రెండూ కల్చర్‌కి వెళ్తాయి. క్రిమి రెండోదాంట్లోనే వచ్చినా, మొదటిదానికి పదింతలు వచ్చినా బాక్టీరియా కేసు. యాంటీబయాటిక్ నడుస్తుండగా ఇస్తే ఫలితానికి విలువ లేదు, మందు ఆపి కొన్ని వారాలు ఆగాలి.

ఇంకొకటి, సిగ్గుపడకుండా చెప్పండి. కండోమ్ లేకుండా ఎవరితోనైనా కలిశారా? మామూలు కల్చర్‌లో క్లమీడియా పెరగదు. దానికి మొదటిధార యూరిన్‌తో వేరే టెస్టు ఉంది.

రాజోలు_సుబ్బు
అంటే బార్లీ నీళ్ళతో నాకు తగ్గింది అబద్ధమా?

యూరాలజీ_రెసిడెంట్
అబద్ధమనలేదండీ. నీళ్ళు తక్కువ తాగితే యూరిన్ చిక్కబడి మండుతుంది, బార్లీతో అది తగ్గుతుంది. ఇతనిది కూర్చుంటే వచ్చే నొప్పి.

ఏలూరు_నాన్న
మా నాన్నగారికి 68. రాత్రి ఐదుసార్లు లేస్తున్నారు. ప్రోస్టేట్‌కి చేసే రక్తపరీక్ష పి.ఎస్.ఎ. 5.2 వచ్చింది. బయాప్సీ చేయించాలా? అందరికీ ఒకటే జబ్బు కదా అని ఇక్కడ అడుగుతున్నా.

యూరాలజీ_రెసిడెంట్
కాదండీ, మీ నాన్నగారిది వయసుతో వచ్చే ప్రోస్టేట్ పెరుగుదల కావచ్చు, వేరే థ్రెడ్ తెరవండి. ఆయనకి యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటే ఆ అంకె ఊరికే పెరుగుతుంది, ముందు అది చూపించండి. ఇరవై ఏడేళ్ళ కుర్రాడికి పి.ఎస్.ఎ. టెస్టుతో పనిలేదు.

జిమ్_బావ
ఇంతమంది రాశారు, అసలు పరిష్కారం ఎవరూ చెప్పలేదు. కీగెల్స్ చెయ్ బ్రో. యూరిన్ ఆపుకునే కండరం ఉంటుంది కదా, అది పది సెకన్లు బిగించి వదలడం, రోజుకి వంద. నాకు పోశాక చుక్కలు కారేవి, ఆరు వారాల్లో ఆగిపోయాయి. పెల్విక్ ఫ్లోర్ వీక్ అయితేనే ఈ బాధలన్నీ.

ఫిజియో_వైజాగ్
దయచేసి ఇది చెయ్యొద్దు. పదకొండేళ్ళుగా పెల్విక్ కేసులు చూస్తున్నాను. ఇలా వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమందికి ఆ కండరం బలహీనంగా ఉండదు, బిగుసుకుపోయి ఉంటుంది. పిడికిలి బిగించి ఉన్నవాడిని ఇంకా బిగించమంటే నొప్పి పెరుగుతుంది.

జిమ్_బావ
మేడం, నాకు తగ్గింది. నా ఒళ్ళు నాకు తెలియదా? మీకు సిట్టింగ్‌లు పోతాయని భయం.

ఫిజియో_వైజాగ్
మీకు తగ్గింది నిజం. మీది కారడం, అతనిది మొదలవ్వకపోవడం. రెండూ ఒకటెలా అవుతాయి? అతను రాసింది మళ్ళీ చదవండి. పక్కన మనిషి ఉంటే రాదు, కూర్చుంటే నొప్పి, స్ఖలనం తర్వాత రెండు రోజులు. ఆ కండరం వదలలేకపోతోందనడానికి ఇంతకంటే ఏం రాయాలి?

కిరణ్ణో శ్రీనునో, పేరు తెలియదు, తమ్ముడూ, ఇంట్లోనే ఒకటి చూసుకో. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నొప్పి ఉన్నచోట బట్ట మీదే వేళ్ళు ఆనించు. పొట్ట పైకి లేచేలా నిదానంగా గాలి పీల్చు. ఆ చోటు వేళ్ళ కింద కొద్దిగా కిందికి ఉబకాలి. కదలకపోయినా, పీల్చేటప్పుడు పైకి లాక్కున్నా, అదే నీ పని. రోజూ రెండుపూటలా పది నిమిషాలు ఆ శ్వాసే సాధన చెయ్యాలి. ముక్కొద్దు, తొయ్యొద్దు.

జిమ్_బావ
సరే, అతను చేసి చెప్తే చూద్దాం. నేను మాత్రం కీగెల్స్ మానను.

మహబూబ్‌నగర్_ఎం
ఫిజియో మేడం చెప్పింది నాకు వర్తించలేదు, అదీ రాయాలి. నాకూ ఇదే నొప్పి. యూరిన్‌లో పస్ సెల్స్ ఎప్పుడూ 20 పైనే, కల్చర్ ఎప్పుడూ నిల్. శ్వాస చెయ్యమన్నారు, చేశాను. లీవోఫ్లాక్సాసిన్ వాడితే తగ్గేది, ఆపితే వచ్చేది. ఏడాది తర్వాత ఒక పెద్దాయన అడిగారు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని. మా తాతకి ఉండేది. మూడు రోజులు వరసగా పొద్దున్నే మొదటి యూరిన్ ఇస్తే టీబీ బయటపడింది. ఆ మందు టీబీ మీదా కొంత పనిచేస్తుందట, అందుకే ఏడాది దాక్కుంది.

యూరాలజీ_రెసిడెంట్
ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. పస్ సెల్స్ ఎక్కువుండి కల్చర్ నిల్ వస్తే మన దేశంలో టీబీ చూడకుండా వదలకూడదు. మొదట రాసిన తమ్ముడికి పస్ సెల్స్ 2-3 మాత్రమే కాబట్టి ఆ అనుమానం తక్కువ.

కర్నూలు_27
సార్ నిన్నటి నుంచి నాకు చలిజ్వరం 103, అడుగున విపరీతమైన నొప్పి, మధ్యాహ్నం నుంచి యూరిన్ చుక్క రావట్లేదు. ఆ రెండు శాంపిల్స్ టెస్టు ఎక్కడ చేస్తారు?

యూరాలజీ_రెసిడెంట్
ఆ టెస్టు వద్దు. ఇప్పుడే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి, రేపటిదాకా ఆగొద్దు. ఇలా జ్వరంతో ఉన్నప్పుడు ప్రోస్టేట్‌ని ఒత్తకూడదు, క్రిములు రక్తంలోకి పోతాయి. ఎవరైనా తోడు ఉన్నారా?

కర్నూలు_27
బావ వచ్చాడు. బయల్దేరుతున్నాం.

మెడికల్‌షాపు_22ఏళ్ళు
చూశారా, ఇన్ఫెక్షన్లు లేవన్నారు. ఇది ఇన్ఫెక్షన్ కాదా?

యూరాలజీ_రెసిడెంట్
ఇది ఇన్ఫెక్షనే. ఐదు నెలలుగా జ్వరం లేకుండా ఉన్నతనిది కాదు. చీటీ లేకుండా లీవోఫ్లాక్సాసిన్ ఇవ్వకండి అన్నా. ఆ మందుకి మడమ వెనక టెండన్ తెగి వచ్చినవాణ్ణి నేను కట్టు కట్టించి పంపాను.

మెడికల్‌షాపు_22ఏళ్ళు
నేను చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వను. తెలియకుండా మాట్లాడకండి.

మియాపూర్_నైట్‌షిఫ్ట్
మూడు నెలలకి వచ్చాను, క్షమించాలి. దెబ్బలు తగల్లేదు, ట్యూబు వెయ్యలేదు. రెసిడెంట్ అన్న అడిగినదానికి జవాబు: ఒకసారి, రెండేళ్ళ కిందట. క్లమీడియా టెస్టు నెగెటివ్. ఆ కాగితం చూశాక బాత్రూంలో కూర్చుని ఏడ్చాను, అంత టెన్షన్ మోశాను.

నాలుగో కోర్సు వేసుకోలేదు. మందు ఆపి నెల ఆగి రెండు శాంపిల్స్ ఇచ్చాను, రెండిట్లోనూ ఏమీ రాలేదు. యూరోఫ్లో మొదటిసారి 90 ఎం.ఎల్. మాత్రమే పోశాను, 150 అయినా లేకపోతే లెక్క కాదని నీళ్ళు తాగించి మళ్ళీ చేశారు. రెండోసారి 260, వేగం 18. మొదలవడానికి ఆలస్యం, తర్వాత కొండలాగే లేచింది. ఇరుకు లేదన్నారు.

పరీక్షలో డాక్టరు ప్రోస్టేట్ ఒత్తితే పెద్దగా నొప్పి లేదు. వేలు పక్కకి జరిపి కండరం మీద ఆనించగానే మంచం మీద ఎగిరిపడ్డాను. నా గోలీకాయ సరిగ్గా అదే. యూరిన్ దారి వదులు చేసే టామ్సులోసిన్ 0.4 రాత్రిపూట ఇచ్చారు, ఫిజియోకి పంపారు. నొప్పి, యూరిన్, మనసు బాధ కలిపి 43కి వేసే స్కోరు ఒకటి ఉంది. అప్పుడు 27, ఇప్పుడు 15. మేడం చెప్పిన శ్వాస మొదటి మూడు వారాలు ఏమీ కదల్లేదు, నాలుగో వారంలో ఒక రాత్రి వేళ్ళ కింద తెలిసింది. టామ్సులోసిన్‌తో స్ఖలనం తగ్గిపోయింది, భయపడి అడిగితే ఆపగానే మామూలవుతుందన్నారు. పోయిన ఆదివారం బైక్ మీద వరంగల్ వెళ్ళొస్తే మూడు రోజులు మళ్ళీ అదే నొప్పి.

తాడేపల్లి_టూవీలర్
18 వచ్చిందంటే నా దారి కాదు, సంతోషం. బైక్ సీటు మార్చు.

ఫిజియో_వైజాగ్
సీటు కంటే ముందు, దారిలో ప్రతి ముప్పావుగంటకీ దిగు. ఒకటి చెప్పు, కమోడ్ మీద కూర్చుంటే నొప్పి ఉంటుందా, కుర్చీలోనేనా?

మియాపూర్_నైట్‌షిఫ్ట్
కమోడ్ మీద అసలు ఉండదు మేడం. ఎందుకు?

ఫిజియో_వైజాగ్
కుర్చీలో ఉండి కమోడ్ మీద పోతే, రాత్రి నిద్రలేపకపోతే, అక్కడి నరం నొక్కుకుంటోందేమోనని కూడా చూడాలి. ఒక్క పక్కేనా, రెండు పక్కలానా? తిమ్మిరి ఉందా?

మియాపూర్_నైట్‌షిఫ్ట్
ఎడమపక్క ఎక్కువ. తిమ్మిరి లేదు. గురువారం అపాయింట్‌మెంట్ ఉంది, అడుగుతాను.

కర్నూలు_27
అన్నా, ఆ రాత్రి అడ్మిట్ చేశారు. పొట్ట కింద నుంచి ట్యూబు పెట్టి యూరిన్ తీశారు, ఐదు రోజులు ఐ.వి. మందులు. కల్చర్‌లో ఈ. కోలై వచ్చింది. ఇంకా మాత్రలు వాడుతున్నా.

ఏలూరు_నాన్న
మా నాన్నగారి గురించి వేరే థ్రెడ్ తెరిచాను, చూడగలరు.