అప్‌డేట్: అమ్మ ఐఎన్ఆర్ 1.9 నుంచి 2.8కి వచ్చింది

నా ప్రశ్న: "అమ్మకి గుండెలో మైట్రల్ మెటల్ వాల్వ్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ రోజుకి 5 ఎంజీ. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ 1.9 వస్తే డోస్ పెంచారు, రెండ్రోజులకి చూస్తే 2.0 యే, ఇంకా పెంచమని అడగాలా?"

మళ్ళీ పెంచలేదండి, ఆగాం. బరంపురంలో డాక్టర్ గారు చెప్పిందేంటంటే డోస్ రోజు లెక్కన కాదు వారం లెక్కన చూడాలట, అమ్మకి వారానికి 35 ఎంజీ ఉండేది, మొదట పెంచినప్పుడే అందులో రెండు రోజులు మాత్రం 7.5 చేసి 40 చేశారు, అంటే సుమారు 14 శాతం పెంపు. వార్ఫరిన్ రక్తంలో ఇప్పటికే ఉన్న గడ్డకట్టే ఫ్యాక్టర్లని తీసేయదు, లివర్ కొత్తగా తయారుచేసేవాటిని తగ్గిస్తుందంతే. పాతవి అరగాలి కదా, వాటిలో ఫ్యాక్టర్ 2 అనేది సగం అవడానికే రెండున్నర రోజులు పైన పడుతుందట. అందుకే రెండ్రోజుల రిపోర్ట్ చూసి మళ్ళీ పెంచేస్తే తర్వాత వారం ఐఎన్ఆర్ మరీ పెరిగిపోయి బ్లీడింగ్ భయం ఉండేది.

వారం దాటాక పర్లాకిమిడి ల్యాబ్‌లోనే చేయిస్తే 2.8, అమ్మ వాల్వ్‌కి కావాల్సింది 2.5 నుంచి 3.5. ఇంకోటి, రక్తం గడ్డకట్టడానికి పట్టే టైమ్, అదే పీటీ సెకండ్లు, రెండు ల్యాబుల్లో వేరుగా వచ్చాయని కంగారుపడ్డాం గానీ ఒక్కో ల్యాబ్ వాడే కెమికల్ బట్టి అవి మారతాయి, ఆ తేడా సరిచేసి ఇచ్చేదే ఐఎన్ఆర్, పోల్చాల్సింది దాన్నే. డోస్ ఇదే ఉంచి రెండు వారాలకి మళ్ళీ టెస్ట్ చేయించమన్నారు.