రోగి శరీరమే మెమరీ ప్యాలెస్ అయితే ఇల్లు దేనికి?

చివరిబెంచి:
అయోర్టిక్ రిగర్జిటేషన్‌లో మనుషుల పేర్లతో ఉన్న సైన్లను మా ఇంటి గదుల్లో వరుసగా పెట్టి మెమరీ ప్యాలెస్ కట్టుకున్నాను. గేటు దగ్గర మొదలుపెడితే అన్నీ ఏకరువు పెడతాను. మొన్న వార్డులో సార్ రోగి గోరు చూపించి ఇదేమిటని అడిగితే నోరు పెగలలేదు. ఈ పద్ధతి ఇలాంటి జాబితాలకు పనికొస్తుందా, కాలం వృథాయేనా?

వింతబొమ్మ:
పద్ధతిలో లోపం లేదు, మీ బొమ్మల్లో పస లేదు. పేరు వినగానే తెలుగు మాట ఒకటి తట్టాలి. ముల్లర్ అంటే గొంతులో ముల్లు, దానికి కొండనాలుక ఎగిరెగిరి పడుతుంది. డి ముస్సే అంటే తలాడించే ముసలాయన. క్వింకీ అంటే తాళంచెవి. బొమ్మ ఎంత వింతగా ఉంటే అంత గట్టిగా నిలుస్తుంది. ఏ గదిలో పెట్టినా ఒకటే.

నాడిపట్టు:
మాటల పోలిక బాగుంది. కానీ ఏ గదిలో పెట్టినా ఒకటే అన్నది ఒప్పుకోను, చిక్కంతా అక్కడే ఉంది. తమ్ముడు క్వింకీని వంటగదిలో పెట్టాడనుకుందాం. సార్ వంటగదిని చూపించడు, గోరును చూపిస్తాడు. గోరు నుంచి వంటగదికి దారి వేయలేదు కాబట్టే నోరు పెగలలేదు.

ఈ జాబితాకు రోగి శరీరాన్నే ఇల్లు చేసుకోవాలి. తల దగ్గర డి ముస్సే (ఆయన వైద్యుడు కాదు, ఫ్రెంచి కవి, ఆ తల ఊగడాన్ని గమనించింది ఆయన అన్న), గొంతులో ముల్లర్, మెడలో ఎగిరే కరోటిడ్ దగ్గర కారిగన్, గోటి మీద క్వింకీ, తొడ మీద ట్రౌబే, డురోజియే, మోకాలి వెనక హిల్. గోటి కొసను మెల్లగా నొక్కి చూడండి. సగం తెలుపు, సగం ఎరుపు, ఆ రెండింటి మధ్య గీత ప్రతి నాడికీ ముందుకు వెనక్కు జరుగుతుంది. తాళంచెవి ఆ గీత మీదే తిరగాలి.

ఎక్కువమంది తప్పేది తొడ దగ్గర, ఒకే చోట ఇద్దరున్నారు కనుక. వాళ్లను చేతి పనితో విడదీయండి. స్టెతస్కోపు ఊరికే ఆనిస్తే తుపాకీ పేలినట్టు వినిపించేది ట్రౌబే. నొక్కితే సిస్టోల్, డయాస్టోల్ రెండింటిలోనూ మర్మర్ వినిపించేది డురోజియే. నొక్కిన ఏ ధమనిలోనైనా సిస్టోల్‌లో మర్మర్ రావచ్చు, లెక్కలోకి వచ్చేది డయాస్టోల్‌లోది. నేను అక్కడ ఒక రోజా పువ్వును స్టెతస్కోపు కింద నలిపేస్తాను.

నిద్రలేనిరాత్రి:
నాదీ ఇదే బాధ. ఒకే ఇంట్లో మూడు సిండ్రోముల జాబితాలు పెట్టాను. పరీక్షలో మార్ఫాన్ రాస్తుంటే పక్క జాబితా బొమ్మలు దూరిపోయాయి. శరీరాన్ని వాడినా అదే జరగదా? ఎండోకార్డైటిస్‌లో కూడా గోళ్ల కింద రక్తపు చీలికలు ఉంటాయి కదా?

నాడిపట్టు:
జరుగుతుంది, అమ్మా. అందుకే జాబితాకొక మనిషిని మంచం మీద పడుకోబెట్టాలి. ఇంకొక గుర్తు కూడా ఉంది. రిగర్జిటేషన్‌లో ఎడమ జఠరిక ఎక్కువ రక్తాన్ని ఒక్కసారిగా తోస్తుంది, డయాస్టోల్‌లో అది వెనక్కు జారిపోతుంది. బీపీ 160/50 లాంటిది. ఈ జాబితాలోని సైన్లన్నీ ఆ ఒక్క కారణానికి పుట్టిన పిల్లలే, కాబట్టి ఈ మనిషి మీద బొమ్మలన్నీ ఎగిరిపడాలి. ఎండోకార్డైటిస్ మనిషి మీద ఆస్లర్ నోడ్లు నొప్పిగా, జేన్‌వే మచ్చలు నొప్పి లేకుండా కదలకుండా ఉంటాయి. కదలని గోరు కనబడితే మనిషిని మార్చేయండి.

పాతనోటుపుస్తకం:
ఇంత శ్రమ పడాల్సినవి కావివి. హఠాత్తుగా కవాటం తెగిపోయిన రోగిలో జఠరిక పెరగడానికి సమయం ఉండదు, నాడి పీడనాల మధ్య అంత దూరం ఏర్పడదు, ఇవేవీ కనిపించకపోవచ్చు. జాబితా బాగా వచ్చినవాడు సైన్లు లేవు కనుక జబ్బు లేదనుకుంటాడు. ఆ రోగికే ప్రాణాపాయం ఎక్కువ. ఆ ఒక్క సంగతి తెలియకుండా పేర్లు నేర్పడం నాకు ఇష్టం లేదు.

నాడిపట్టు:
ఆ హెచ్చరిక సరైనదే. నేనైతే ఆ మంచం పక్కనే ఇంకొక మంచం వేసి, ఆయాసపడుతూ ఒంటి మీద ఒక్క బొమ్మా లేని రోగిని పడుకోబెడతాను. పేర్లు మానేయాలని మాత్రం ఒప్పుకోను, రోగిని తల నుంచి కాలి దాకా వెదికే క్రమం వాటితోనే వస్తోంది.

వింతబొమ్మ:
శరీరంలో చోటు లేని జాబితాలకు ఏం చేస్తారు? జన్యువుల పేర్లతో నడిచే సిండ్రోములకు ఇల్లే కావాలి కదా.

నాడిపట్టు:
అక్కడ మీ ఇల్లే మేలు.

చివరిబెంచి:
వారం రోజులు శరీరం మీదే సాధన చేశాను. మిత్రుడు ఏదో ఒక చోట వేలు పెడతాడు, నేను పేరు చెబుతాను. తర్వాత అతను పేరు చెబితే నేను చేసి చూపిస్తాను. గోరు ఇప్పుడు వెంటనే వస్తోంది. హిల్ ఒక్కటే నిలవడం లేదు. అది చూస్తే కనిపించదు, చేతిలో కంటే కాలిలో సిస్టోలిక్ 20 మించి ఎక్కువ ఉందా అని కఫ్‌తో కొలవాలి. మోకాలి వెనక కొండను పెట్టాను, కొండ గుర్తుంది, 20 గుర్తు రావడం లేదు. అంకెను ఎవరైనా ఎలా నిలుపుకుంటున్నారు?