ఫ్రెంచ్ 'ర్యూ', 'రూ' నా నోట్లో ఒకేలా వస్తున్నాయి, సాయం చేస్తారా?

నమస్తే అండి. మాది ఒంగోలు. ఇక్కడ నాకు తెలిసినవాళ్లలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లు లేరు, ఆడియోలు వినే నేర్చుకుంటున్నాను. ఫ్రెంచ్‌లో వీధిని 'ర్యూ' అని, చక్రాన్ని 'రూ' అని అంటారు. తెలుగులో ఇలా రాశానే గానీ మొదటి మాటలో యకారం లేదు. నాలుకను 'ఈ' అనేటప్పుడు ఉన్నచోటే ఉంచి, పెదాలను మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టాలి. ఆ అచ్చు ఒక్కటే అయితే అద్దం ముందు బాగానే పలుకుతోంది. ముందు ర చేరిందా, నాలుక వెనక్కి జారి వీధి కాస్తా చక్రమైపోతోంది!

మన ర నాలుక కొసతో పలుకుతాం. వాళ్లది కొండనాలుక దగ్గర పుడుతుంది. కొసను కింది పళ్లకు ఆనించి, ఉప్పునీళ్లు పుక్కిలించినట్టు అంటే, పారిస్‌ని వాళ్లు పిలిచే 'పారీ'లో వస్తోంది. 'చాలా' అనే అర్థమున్న 'త్రే'లో మాత్రం గరగర పోయి, ఖకారం లాంటి గాలి రాపిడే మిగులుతోంది. ఆడియోలోనూ అలాగే వినిపిస్తోంది. త తర్వాత అలా రావడం సరైనదేనా?

ఇంకొకటి. 'మీద' అనే అర్థమున్న 'స్యూర్'లో అచ్చు ముందు, ర తర్వాత వస్తాయి. అది బాగా పట్టుబడ్డాక 'ర్యూ'కి వెళ్తే తేలికవుతుందా? నేర్చుకున్నవాళ్లు మీరు ఏ మాటలతో, ఏ వరుసలో సాధన చేశారో చెప్పండి.