డిష్ కేబుల్ పెడితే లోగో దగ్గరే ఆగిపోతున్న సెట్‌టాప్ బాక్స్: అడాప్టరా, బాక్సా?

డీటీహెచ్ బాక్స్ ఆన్ చేస్తే లోగో వస్తుంది, ఇరవై సెకన్లకు ఆరిపోయి మళ్లీ అదే లోగో. వెనక డిష్ కేబుల్ విప్పేస్తే మాత్రం పూర్తిగా ఆన్ అవుతుంది, "సిగ్నల్ లేదు" అని చూపిస్తుంది. అప్పుడు రిమోట్‌తో మెనూ కూడా బాగానే తెరుచుకుంటోంది కాబట్టి రిమోట్, హెచ్‌డీఎంఐ కేబుల్ మీద అనుమానం లేదు.

డిష్ మీది ఎల్ఎన్‌బీకి కరెంటు ఈ కేబుల్ ద్వారా బాక్సే పంపుతుంది కదా, అందుకే ముందు షార్ట్ కోసం చూశాను. కనెక్టర్ విప్పితే జాలీ తీగ పోగు ఒకటి మధ్య రాగి తీగకు దగ్గరగా వంగి ఉంది. కత్తిరించి కొత్త కనెక్టర్ వేశాను. రెండు చివర్లూ విప్పి మల్టీమీటర్ పెడితే బీప్ రావడం లేదు. అయినా లోగో దాటలేదు.

అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. విడిగా కొలిస్తే 12.1 వస్తోంది. బాక్స్‌కు, కేబుల్‌కు కలిపి నడుస్తున్నప్పుడు 9.6కి పడిపోతోంది.

అదే 12 వోల్టులు, లోపలి పిన్ను ప్లస్ ఉన్న 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే సరిపోతుందా? లేక ఎల్ఎన్‌బీయే ఎక్కువ కరెంటు లాగుతోందా, అది విడిగా ఎలా తేల్చాలి? ఫ్యాక్టరీ రీసెట్ ఇంకా చేయలేదు. మధ్యలో పవర్ పడిపోతే సాఫ్ట్‌వేర్ కూడా పాడవుతుందని భయం. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.