నుదుటి గీతను "నామం" అంటారెందుకు?

మొదటి పోస్టు (మహబూబ్‌నగర్ నుంచి): తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఒకటిన్నర నిమిషం వీడియో చేస్తున్నాను. "తిలకం, విభూతి, కుంకుమ... ఇవి మూడు రకాల బొట్లు" అని మొదలుపెట్టి, రాసింది క్లాసులో చదివి వినిపించాను. ఒక పాప లేచి "సార్, నామం అంటే పేరు కదా, మరి నుదుటి మీద గీతను పేరు అంటారేంది?" అనడిగింది. జవాబు తోచలేదు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు "నామం పెట్టిండంటే మోసం చేసిండని సార్" అన్నాడు. ఇక క్లాసంతా నవ్వులే. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్గొండ తమ్ముడు: సింపుల్ అన్నా. "నమః" నుంచే నామం. దండం పెడుతూ దిద్దుకుంటారు కాబట్టి ఆ పేరు.

మిర్యాలగూడ అక్క: మా పాపకు స్టిక్కర్ బొట్టు పెట్టినచోట దురద, తెల్ల మచ్చ. విభూతి పెడితే తగ్గుతుందా?

వనపర్తి సార్ (రిటైర్డ్ తెలుగు పండితులు): అమ్మా, అది స్టిక్కర్ జిగురు పడక కావచ్చు. స్టిక్కర్ మానేసి చర్మం డాక్టరుకు చూపించండి, విభూతి మందు కాదు.

ఇక నామం సంగతి. నల్గొండ తమ్ముడు సగం దారి వచ్చాడు. దిద్దుకునేటప్పుడు నమః అనేమాట నిజమే, కానీ నామం అనే మాట పుట్టింది దాంట్లోంచి కాదు. వైష్ణవ సంప్రదాయంలో గుర్తు నుదుటితో ఆగదు. ఒంటి మీద పన్నెండు చోట్ల పెట్టుకుంటారు, ఒక్కోచోట విష్ణువు పేరు ఒక్కొక్కటి తలుచుకుంటారు. నుదుట కేశవుడు, పొట్ట మీద నారాయణుడు, రొమ్మున మాధవుడు, గొంతు దగ్గర గోవిందుడు, ఇట్లా దామోదరుడి దాకా. సంధ్యావందనంలో ముందుగా వచ్చే పన్నెండు పేర్లూ ఇవే. "ద్వాదశ నామాలు" అంటే ఈ పన్నెండు పేర్లూ అవుతాయి, పన్నెండు గుర్తులూ అవుతాయి. పేరు పలుకుతూ పెట్టిన గీతకు ఆ పేరే అంటుకుంది. గీత సంస్కృతంలో మాత్రం పుండ్రమే. నిలువుగా పెడితే ఊర్ధ్వపుండ్రం, విభూతితో అడ్డంగా మూడు పెడితే త్రిపుండ్రం.

గద్వాల నుంచి ఒకాయన: మా ఇల్లు మాధ్వులది. తిరుమణి అనే తెల్లమన్ను వాడం, గోపీచందనం అనే మట్టిగడ్డ అరగదీస్తాం. రెండు నిలువు గీతల మధ్య బొగ్గుతో నల్ల గీత, దాని కింద అక్షత అనే చుక్క. మేమూ పన్నెండు పేర్లే చెబుతాం. మన్ను మారినా, ఆకారం మారినా ఆ పేర్లు మారలేదు.

వనపర్తి సార్: నేననేదీ అదే. పదార్థం వేరు, గుర్తు వేరు. మీ స్క్రిప్టులో అసలు తప్పు అక్కడే ఉంది. విభూతి, కుంకుమ పదార్థాలు. తిలకం గుర్తు. మూడింటినీ ఒకే వరసలో పెట్టి "మూడు రకాలు" అంటే, "మట్టి, ఇటుక, గోడ... మూడు రకాలు" అన్నట్టుంది. కానీ పిల్లలు ఒప్పుకోరు, ఎందుకంటే మన ఇళ్లలో తిలకం అంటే ఎర్రటి నీళ్ల సీసా. ఆ సంగతి కూడా వీడియోలో చెప్పండి. కుంకుమకూ ఇట్లాంటి కథే ఉంది. సంస్కృతంలో ఆ మాట కుంకుమపువ్వుది, ఇప్పుడు మనం పెట్టుకునే పొడి పసుపుతో చేసేది. బొట్టు మాత్రం మన సొంతం. నీటి బొట్టు, నుదుటి బొట్టు రెండూ ఒకే మాట. హిందీ బిందీ కూడా బిందువు నుంచే, అంటే అదీ చుక్కే.

నల్గొండ తమ్ముడు: మా దిక్కు మల్లన్న పట్నాలేసినప్పుడు ఒగ్గు పూజారి నుదుట పెట్టేది బండారి. అది పసుపే. దాన్ని ఎందులో కలపాలి సార్?

వనపర్తి సార్: పదార్థాల లెక్కలో వేసుకో. వీడియోలో ఉండాల్సిందే, మన జిల్లా పిల్లలకు విభూతి కంటే అదే ఎక్కువ తెలుసు.

మొదటి పోస్టు రాసినవారు: మరి "నామం పెట్టాడు" సంగతి? పంగనామం అని కూడా అంటారుగా.

గద్వాల ఆయన: నామం పెట్టుకున్నవాడే మోసం చేశాడని ఎవరో కడుపుమంటతో అన్నమాట అయ్యుంటుంది. మేం ఏం చేశాం పాపం!

వనపర్తి సార్: పంగ అంటే చీలిక, పంగలకర్రలో పంగ. రెండుగా చీలిన నామం పంగనామం, అంతవరకు ఖాయం. మోసం అర్థం ఎక్కడ తగిలిందో ఎవరికి తోచిన కథ వాళ్లు చెబుతారు. ఆధారం చూపించినవాళ్లు నాకు కనబడలేదు. పిల్లలకు కథ చెప్పకండి, చీలిక వరకు చెప్పి వదిలేయండి.

నల్గొండ తమ్ముడు: నేను ఒప్పుకోను సార్. దుకాణంలో ఖాతా కొట్టేసేటప్పుడు నిలువు గీతలు గీస్తారు, అందులోంచే వచ్చిందని మా తాత అనేవాడు.

వనపర్తి సార్: మీ తాత చెప్పింది బాగుంది నాయనా. దానికీ ఆధారం కావాలి.

మొదటి పోస్టు రాసినవారు (రెండు రోజుల తర్వాత): షూటింగ్ అయింది. "మూడు రకాలు" వాక్యం తీసేశాను. గద్వాల ఆయన ఇంట్లోనే తీశాం. ఎడమ అరచేతిలో నాలుగు చుక్కల నీళ్లు పోసుకుని గోపీచందనం గడ్డ రుద్దారు, లేత గంధంలా దిగింది. కెమెరా దగ్గరగా పెట్టాను, ఒక్కో గీతకు ఒక్కో పేరు, పాప వేళ్ల మీద లెక్కపెట్టింది. పదకొండోది పద్మనాభుడు, నడుము వెనక. ఆయన చెయ్యి అందలేదు. మనవడొచ్చి పెట్టాడు, వంకరగా వచ్చింది. ఆ వంకర అట్లనే ఉంచాను.