‘పురంబులో’ అని రాయాలా, ‘పురములో’ అని రాయాలా?

ప్రశ్న అడిగిన సభ్యుడు: గజేంద్రమోక్షంపై మా గురువుగారి ప్రసంగాన్ని యూట్యూబులో పెట్టాము. అది రెండు గంటలకు పైగా సాగుతుంది. ‘అల వైకుంఠ...’ పద్యం కోసం వెతికేవారికి అది కనబడడం లేదు. చాప్టరు పేరులో ‘పురంబులో’ అని ఉంచాలా, జనం టైపు చేసే ‘పురములో’ అని ఉంచాలా?

విశ్రాంత తెలుగు పండితుడు: ఇందులో సందేహానికి తావు లేదు. మత్తేభంలో మూడవది ర గణం కనుక ‘రంబులో’ అనే ఉండాలి. ‘రములో’ అంటే స గణమై పద్యం కుంటుతుంది.

ఒక సభ్యురాలు: గణం సరే. కానీ 2020లో వచ్చిన సినిమా పేరు ‘పురములో’ కాబట్టి, ఆ రూపంతో వెతికితే ముందు పాటలే వస్తాయి. రెండు రూపాలనూ డిస్క్రిప్షన్‌లో ఇరవైసార్లు రాస్తే సరిపోతుంది.

వీడియోలు కూర్చే సభ్యుడు: రెండు రూపాలూ ఉండాలన్న మాట నిజమే గానీ, అదే పదాన్ని గుప్పించడం యూట్యూబు నియమాలకు విరుద్ధం. మీ డిస్క్రిప్షన్ ‘అందరికీ నమస్కారం, మా చానెల్‌కు స్వాగతం’ అని మొదలవుతోంది. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది కనుక, పైకి కనిపించే ఆ కొద్ది చోటూ పలకరింపుకే పోయింది. దాని బదులు ‘గజేంద్రమోక్షం పద్యాలకు ప్రతిపదార్థం, ఛందస్సు: అల వైకుంఠపురంబులో (పురములో), సిరికిం జెప్పడు’ అని మొదలుపెట్టండి. చాప్టర్లను ఇలా రాయండి:

```
0:00 ఉపోద్ఘాతం
14:20 ఎవ్వనిచే జనించు
47:05 లావొక్కింతయు లేదు
1:12:40 అల వైకుంఠపురంబులో
1:38:10 సిరికిం జెప్పడు
```

మొదటిది 0:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, సమయాలు వరుసగా పెరగాలి, ఏ భాగమూ పది సెకన్లకు తగ్గకూడదు. వీడియో కింది గీత ముక్కలుగా విడిపోతే పని జరిగినట్లే.

ఒక ఉపాధ్యాయిని: నేను నా వ్యాకరణ పాఠానికి సమయాలన్నీ వ్యాఖ్యలో రాశాను. నొక్కితే ఆ చోటికి వెళ్తోంది గానీ గీత విడిపోలేదు.

వీడియోలు కూర్చే సభ్యుడు: వ్యాఖ్యలోనివి లింకులు మాత్రమేనండీ, చాప్టర్లు కావాలంటే వాటిని డిస్క్రిప్షన్‌లోకి మార్చండి. తరువాత వీడియో మొదట్లో కొంత కత్తిరిస్తే సమయాలన్నీ తప్పుతాయి, మళ్ళీ సరిచూసుకోవాలి.

పండితుడు: అదే పద్యపాదంలో ముందుకు వెళ్తే, ‘నగరిలో నామూల’ అని విడదీసి రాసేవారున్నారు. అది ‘నగరిలోన్ + ఆ మూల’. పద్నాలుగవ అక్షరంలోని ఆ ‘ఆ’కారమే మొదటి ‘అ’కు యతి. పోతన పద్యాన్ని పేరుగా పెట్టేటప్పుడు అక్కడ కూడా జాగ్రత్త అవసరం.

సభ్యురాలు: పద్యాల మొదటి మాటలు తెలియని విద్యార్థి ‘మత్తేభం ఉదాహరణ’ అని వెతుకుతాడు. అతనికి ఈ పేర్లు ఎలా దొరుకుతాయి?

వీడియోలు కూర్చే సభ్యుడు: ‘అల వైకుంఠపురంబులో: మత్తేభం’ అని చేర్చవచ్చు, కానీ పేరు పొడవైతే ఫోనులో చివర తెగిపోతుంది. యూట్యూబు స్టూడియోలో ట్రాఫిక్ మూలాల కింద, యూట్యూబు వెతుకులాటలో జనం రాసిన మాటలు కనిపిస్తాయి. కొన్ని వారాలు వాటిని చూసి నిర్ణయించండి.

పండితుడు: జనం ఏమి రాసినా, చాప్టరు పేరులో ‘పురములో’ అని పెట్టడానికి నేను ఒప్పుకోను.

ప్రశ్న అడిగిన సభ్యుడు: మొదటి వాక్యాన్ని ఈ రోజే మారుస్తాను. బ్రాకెట్లోని ‘పురములో’ సంగతి మాత్రం గురువుగారిని అడగాలి.