నాయనకు 67 ఏళ్లు, కొత్తగా తలనొప్పి. బీపీ అనుకొని ఊరుకోవచ్చా?

హాలియా శీను
మా నాయన ఎన్నడూ తలనొప్పి అన్న మనిషి కాదు. ఈ మధ్య పొద్దున లేవంగనే తల బరువు అంటున్నాడు, మధ్యాహ్నానికి కొంచెం తగ్గుతది, మళ్లా మరునాడు అదే కథ. రెండు మూడు వారాలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి బీపీ 150/90 ఉంది, దానివల్లే అని గోళీలు ఇచ్చాడు. నాయనకు గుండెలో స్టెంట్ వేసి ఏడాది కాలేదు, ఆ మందులు రోజూ వేసుకుంటాడు. నల్గొండలో చూపియ్యాలా, హైదరాబాదే పోవాలా? అసలు పోవాల్సినంత ఉందా?

పాలమూరు ప్రసాద్
బీపీయే అన్నా, టెన్షన్ పడకు. మా మామకు ఇట్లనే తల పగిలిపోతుందంటే బీపీ మాత్ర డోస్ పెంచారు, వారంలో సెట్ అయింది. ఉప్పు తగ్గించండి, ఆవకాయ బంద్ చేయండి.

వనపర్తి లక్ష్మి
నాకు కాలేజీ రోజుల నుంచి మైగ్రేన్. ఎండకు పోయినా, ఒక పూట అన్నం లేటైనా మొదలు. చీకటి గదిలో పడుకుంటే తగ్గుతుంది. మీ నాయనకు కూడా అదే అయి ఉండొచ్చు, లైట్ పడకుండా చూడండి. దీనికి పర్మనెంట్ మందు ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్ సిస్టర్
లక్ష్మి గారూ, మీది కాలేజీ రోజుల నుంచి ఉన్నది, వేరే సంగతి. మైగ్రేన్ అరవై ఏడేళ్లకు మొదటిసారి రావడం చాలా అరుదు, అందుకే ఈ వయసులో కొత్త తలనొప్పికి ఆ పేరు చివర్లో పెడతారు. ప్రసాద్ గారూ, బీపీ బాగా ఎక్కువైతే, అంటే 180/120 దాటితే తలనొప్పి రావచ్చు, కాదనను. 150/90 కి మాత్రం రాదు, పైగా నొప్పితో ఉన్న మనిషికి బీపీ చూస్తే కొంత ఎక్కువే చూపిస్తుంది.
నేను న్యూరో సర్జరీ వార్డులో చాలా ఏళ్లు చేశాను. అక్కడ డాక్టర్లు తల కంటే ముందు కథ అడుగుతారు. శీనూ, నువ్వు ఇవి చెప్పు నాయనా. గత రెండు మూడు నెలల్లో ఎక్కడైనా జారి పడ్డాడా, తలకు చిన్న దెబ్బైనా తగిలిందా? స్టెంట్ మందుల పేర్లేంటి? మాట, నడక, నిద్ర మారాయా? నమిలేటప్పుడు దవడ నొప్పి ఉందా? చూపు ఎట్లుంది? పాత క్యాన్సర్, జ్వరం, బరువు తగ్గడం ఏమన్నా ఉన్నాయా?

హాలియా శీను
పడలేదు అమ్మా. క్యాన్సర్, జ్వరం లేవు, చూపు బాగానే ఉంది. మందులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్.
అమ్మను అడిగితే ఒకటి చెప్పింది. నెలన్నర కింద ఐకేపీ సెంటర్ కాడ వడ్లు ఎత్తేటప్పుడు ట్రాలీ తలుపు తలకు తగిలిందట. రక్తం రాలేదు, బొప్పి కట్టింది, పసుపు రాసుకొని మళ్లా పనిలో పడ్డాడు. ఇంకోటి, నాలుగైదు రోజుల నుంచి ఎడమ కాలి చెప్పు జారిపోతున్నా చూసుకోకుండా అట్లనే నడుస్తున్నాడు. పగలు కూడా నిద్రపోతున్నాడు. వయసు కదా అనుకున్నాం.

రిటైర్డ్ సిస్టర్
ఈ రోజే తీసుకుపో. రేపు కాదు. సీటీ ఉన్న ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి, కారులో. బండి మీద వెనక కూర్చోబెట్టకు, మగతలో పడిపోతాడు. తలకు సాదా సీటీ చాలు, రంగు మందు ఎక్కించాల్సిన పని ఉండదు. ఒళ్లు నొప్పుల గోళీలు ఇయ్యకు, స్టెంట్ మందులు నీ అంతట నువ్వు ఆపకు, రాత్రి ఎన్ని గంటలకు వేసుకున్నాడో మాత్రం డాక్టరుకు చెప్పు.
ఎందుకు తొందరపెడుతున్నానంటే, వయసు పెరిగే కొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. మెదడు నుంచి పైపొరకు పోయే సన్నటి సిరలు అప్పుడు సాగి, బిగదీసినట్టు ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి చిరిగి రక్తం చాలా నెమ్మదిగా ఊరుతుంది, మీ నాయన స్టెంట్ మందుల్లాగా రక్తాన్ని పల్చబరిచే మందులు వాడేవాళ్లకు ఇంకా తేలిగ్గా. అందుకే దెబ్బ తగిలిన రోజు ఏమీ ఉండదు, నెల రెండు నెలలకు తలనొప్పి, మగత, ఒక కాలో చెయ్యో పట్టు తప్పడం. అప్పటికి దెబ్బ సంగతే ఎవరికీ గుర్తుండదు. వార్డులో ఇట్లాంటి వాళ్లను మతిమరుపు అనుకొని తెచ్చిన ఇళ్లు ఎన్నో.

పాలమూరు ప్రసాద్
అయితే యాభై దాటిన ప్రతి తలనొప్పికి సీటీ తీయాలా సిస్టర్? మా దగ్గర స్కానింగ్ సెంటర్లకు పండగే.

రిటైర్డ్ సిస్టర్
అట్ల అనలేదు. ఎక్కువ మందికి టెన్షన్ తలనొప్పి, మెడ అరుగుదల, నిద్రలేమి, ఇంకా నొప్పి గోళీలే నొప్పి తెచ్చిపెట్టడం. షాపులో దొరికే గోళీలు నెలకు సగం రోజులు మింగేవాళ్లకు ఆ గోళీల వల్లే రోజూ వస్తుంది, ఆపితే కొన్నాళ్లు ఇంకా పెరిగి తర్వాత తగ్గుతుంది. కానీ ఈ పేర్లన్నీ పెద్దవి లేవని తేలాక పెట్టేవి. యాభై దాటి కొత్తగా వస్తే కనీసం డాక్టరు మనిషిని ముట్టుకొని చూడాలి, కాళ్లు చేతులు, కంటి లోపల నరం. స్కాన్ అవసరమా లేదా అన్నది దాన్నిబట్టి, అందరు డాక్టర్లూ ఒకే మాట చెప్పరు కూడా. ఒక్క క్షణంలో పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పికి మాత్రం ఆలోచన అక్కర్లేదు, నేరుగా ఎమర్జెన్సీకి.

నకిరేకల్ స్వామి
సీటీ బాగుంటే సరిపోదు అని చెప్పడానికి రాస్తున్నా. మా అమ్మకు 71, కణతల దగ్గర నొప్పి, దువ్వెన పెడితే కూడా ఓర్చుకోలేదు. సీటీ నార్మల్. జొన్న రొట్టె నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ పీకేది, ఆగితే పోయేది, మళ్లా నమిలితే వచ్చేది. పళ్ల డాక్టరుకు చూపించాం, పన్ను పీకించాం కూడా. చివరికి ఒక డాక్టరు ఆ రొట్టె మాట విని, ఒంట్లో వాపు ఉందా అని చూసే రక్త పరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రాశారు, ఈఎస్‌ఆర్ 90 దాటింది. కణత దగ్గరి రక్తనాళం వాచిందన్నారు. చూపు పోతుందన్న భయంతో ఆ రక్తనాళం ముక్క తీసి చేసే పరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

పాలమూరు ప్రసాద్
అది ఫారిన్ వాళ్లకు వచ్చే జబ్బు కదా?

రిటైర్డ్ సిస్టర్
వాళ్లకు ఎక్కువ, మనకు తక్కువ. తక్కువ కాబట్టే ఎవరికీ తట్టదు. ఆ జబ్బులో ఒకసారి పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం, అందుకే స్వామి వాళ్ల డాక్టరు ఆగలేదు. మందు మొదలుపెట్టిన వారం పది రోజుల దాకా ముక్క పరీక్షలో వాపు సాధారణంగా కనిపిస్తుంది, కాబట్టి ముందే మందిస్తే రిపోర్టు చెడిపోతుందన్న భయం అక్కర్లేదు.

హాలియా శీను
నిన్న రాత్రే తీసుకుపోయాం. సీటీలో కుడి పక్క నెలవంక లెక్క నల్లగా ఉంది, పాత రక్తం అన్నారు. మెదడు 9 మిల్లీమీటర్లు ఎడమకు జరిగిందట. కుడి పక్క రక్తం ఉంటే ఎడమ కాలు పట్టు తప్పుతదా అని అడిగితే, అవును, మెదడు కుడి సగం ఒంటి ఎడమ పక్కను నడిపిస్తుందన్నారు. ఆపరేషన్ కోసం హైదరాబాద్ పంపారు, గుండె డాక్టరుతో మాట్లాడి ఈ పొద్దున తలకు రెండు రంధ్రాలు పెట్టి తీశారు, ఇంజన్ ఆయిల్ రంగులో ఉందన్నారు. చిన్న పైపు పెట్టారు, ఒకటి రెండు రోజుల్లో తీస్తారట. సాయంత్రం లేచి వడ్ల పైసలు పడ్డాయా అని అడిగాడు.

వనపర్తి లక్ష్మి
దేవుని దయ. ఆరోగ్యశ్రీలో అయిందా శీను గారూ?

హాలియా శీను
కార్డు ఇచ్చాం, ఇంకా అప్రూవల్ అంటున్నారు. సిస్టరమ్మా, ఇప్పుడు నా భయం వేరే. స్టెంట్ మందులు ఆపారు. మళ్లా ఎప్పుడు మొదలుపెట్టాలె అంటే తల డాక్టరు ఆగమంటున్నాడు, గుండె డాక్టరు ఎక్కువ రోజులు ఆపొద్దంటున్నాడు.

రిటైర్డ్ సిస్టర్
ఇద్దరూ చెప్పేది నిజమే. ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, తొందరగా మొదలుపెడితే రక్తం మళ్లీ చేరవచ్చు, కొందరికి చేరుతుంది, రెండోసారి తీస్తారు. దీనికి నేను తేదీ చెప్పలేను. ఇద్దరినీ ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడమని అడుగు, ఏ మందు ఏ రోజు అని డిశ్చార్జి కాగితం మీద రాయించుకో. ఇంటికి పోయాక మళ్లా మగత, ఎడమ చెయ్యి పట్టు తప్పడం, వాంతులు ఏది కనిపించినా చెకప్ తేదీ దాకా ఆగకుండా సీటీ తీయించు.